వడ్డించింది కాదు, తిన్నది రాయండి

అమ్మకి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఒక జిరాక్స్ షీటు ఉంది. వార్డు సిస్టర్ చేత్తో గీసిన పట్టిక అది. ఐదు నిలువు గళ్లు: ఏ టైముకి, ఏం వడ్డించారు, ఎంత తిన్నారు, ప్రొటీన్ ఎన్ని గ్రాములు, మిగిలితే ఎందుకు మిగిలింది. కింద మన వంటల జాబితా, వాటి పక్కన అంకెలు. పైన ఒకటే వాక్యం, కింద గీత కొట్టి మరీ: "వడ్డించింది కాదు, తిన్నది రాయండి."

నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్. రోజూ ఏదో ఒక ఫారం తయారు చేస్తూనే ఉంటాను. అందుకేనేమో, ఆ షీటులో నా కళ్లు మొదట చివరి గడి మీద పడ్డాయి. తిండి లెక్క రాసే చోట "ఎందుకు మిగిలింది" అన్న ప్రశ్న ఎందుకు? దాని పని ఏంటో వారం తిరక్కుండానే తెలిసింది.

ముందు అంకెల సంగతి. అమ్మ వయసు 63, బరువు 52 కిలోలు. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాముల నుంచి 1 గ్రాము ప్రొటీన్ సరిపోతుంది. ఆపరేషన్ అయినవాళ్లకి సాధారణంగా కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా చెబుతారు. కోసిన చోట కొత్త కణజాలం పుట్టాలి, ఎముక అతకాలి. దీనికి తోడు మంచం మీద పడుకున్న ప్రతిరోజూ కాలి కండ కరిగిపోతూ ఉంటుంది. 52 కిలోలకి 1.2 చొప్పున వేస్తే దాదాపు 62 గ్రాములు. ఆ అంకె సిస్టర్ వేసింది కాదు. డైటీషియన్ అమ్మ క్రియాటినిన్ రిపోర్టు చూసి, కిడ్నీలు బాగానే ఉన్నాయని తేల్చుకుని, షీటు పైన పెన్నుతో రాసింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క వేరు. కాబట్టి పక్కింటివాళ్ల షీటు చూసి మనం వాడుకోకూడదు.

"62 ఒకేసారి పెట్టద్దు బాబూ," అంది సిస్టర్. "మూడు పూటలా 18 చొప్పున, మధ్యలో రెండుసార్లు నాలుగైదు గ్రాములు. పెద్దవయసు ఒంటికి ఒక్కో పూట కాస్త గట్టిగా ప్రొటీన్ అందితే తప్ప కండ కట్టే పని మొదలవదు. పొద్దున రెండు గ్రాములు, రాత్రికి నలభై అంటే లాభం లేదు."

ఇంటికొచ్చిన మొదటి రోజు ఏం మార్చకుండా, ఎప్పుడూ తినేదే పెట్టి రాయమంది. ఆ రోజు షీటు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పొద్దున కాఫీలో 100 మి.లీ. పాలు, 3 గ్రాములు. ఇడ్లీలు మూడు పెట్టాం, రెండు తింది, 4 గ్రాములు. పదకొండింటికి కొబ్బరినీళ్లు, సున్నా. మధ్యాహ్నం అన్నం, బీరకాయ కూర, చారు, కొంచెం పెరుగు, అన్నీ కలిపి 8. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రెండున్నర. రాత్రి పెరుగన్నం 6. పడుకునే ముందు అర గ్లాసు పాలు 3. మొత్తం 27 గ్రాములు కూడా దాటలేదు. కావాల్సిన దాంట్లో సగం కన్నా తక్కువ. అలాగని అమ్మ పస్తులేం లేదు. రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉంది, కడుపు నిండింది కూడా. బలం వస్తుందని మనం పెట్టే కొబ్బరినీళ్లు, జావ, చారు, పండ్ల రసం కడుపులో చోటు ఆక్రమిస్తాయి, ప్రొటీన్ గడిలో మాత్రం దాదాపు ఏమీ వేయవు. 30 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే వచ్చేది రెండు గ్రాములే.

ఇంట్లో అసలు తగువు పప్పు దగ్గర వచ్చింది. అమ్మని చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ, "కుట్లు ఆరేదాకా దానికి పప్పు పెట్టకండిరా, చీము పడుతుంది. గుడ్డు కూడా వద్దు, వేడి," అంది. మన ఊళ్లల్లో చాలా ఇళ్లలో ఉన్న పథ్యమే ఇది. అమ్మ మాంసం మానేసి చాలా ఏళ్లయింది. పప్పు, గుడ్డు కూడా తీసేస్తే ఇక మిగిలేది పాలూ పెరుగే. ఇలాంటి మాట వస్తుందని సిస్టర్‌కి ముందే తెలుసనుకుంటా, షీటు వెనక రాసి పెట్టింది: "చీము పప్పు వల్ల రాదు, గాయంలో సూక్ష్మజీవులు చేరితే వస్తుంది. కుట్ల చుట్టూ ఎర్రబడినా, వాచినా, నీరు కారినా, జ్వరం వచ్చినా తిండి మార్చకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి." అది చదివి వినిపించాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు కానీ, "సరే, కందిపప్పు వద్దు, పెసరపప్పు చేయండి," అని ఒక మెట్టు దిగింది. రెంటిలోనూ ప్రొటీన్ దాదాపు సమానమే, కాబట్టి మాకేం నష్టం లేదు.

పప్పుని కొలవడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. "ఒక గిన్నె పప్పు" అని రాస్తే దానికి అర్థం లేదు. ముద్దపప్పు గిన్నె వేరు, పప్పుచారు గిన్నె వేరు. నీళ్లు ఎన్ని పోశామో దాన్నిబట్టి ప్రొటీన్ పలచబడుతుంది. సిస్టర్ చెప్పిన ఉపాయం ఇది: వండకముందు పచ్చి పప్పు తూకం వేసుకోవాలి, వండాక మొత్తం ఎన్ని గరిటెలు అయిందో లెక్కపెట్టాలి. 100 గ్రాముల పచ్చి పప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అది ఆరు గరిటెల ముద్దపప్పు అయితే గరిటెకి మూడున్నర పైన. అదే పప్పు నీళ్లు పోసి పన్నెండు గరిటెల పప్పుచారు చేస్తే గరిటెకి రెండు కూడా ఉండదు. ఒకసారి ఇలా కొలిస్తే చాలు, తర్వాత అదే గిన్నెలో, అదే గరిటెతో వండుకుంటూ పోవచ్చు. రోజూ తక్కెడ పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

నాలుగో రోజుకి అమ్మ తిండి ఇలా మారింది. పొద్దున 40 గ్రాముల పెసలతో రెండు చిన్న పెసరట్లు, ఒక ఉడికించిన గుడ్డు, కాఫీ కలిపి 18. పదకొండింటికి కొబ్బరినీళ్ల బదులు అర గ్లాసు పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపి 8. గ్లాసు పెద్దది చేయకుండా ప్రొటీన్ పెంచే దారి అది. ఆకలి లేనివాళ్లకి పరిమాణం పెంచితే పని జరగదు. మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి రెండు గరిటెల ముద్దపప్పు, ఇంకో గుడ్డు, ఒక గిన్నె పెరుగు, 18 పైన. సాయంత్రం గుప్పెడు పుట్నాల పప్పు, నాలుగున్నర. రాత్రి రెండు చిన్న చపాతీలు, 50 గ్రాముల పనీర్ కూర, పెరుగు, 18. వడ్డించింది 67. తిన్నది 57, 58. ఆ తొమ్మిది పది గ్రాముల తేడా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందుకే కాస్త ఎక్కువే వడ్డించాలి, తిన్నదే రాయాలి. రాత్రి పడుకునే ముందు గుర్తు తెచ్చుకుని రాస్తే ఆ తేడా మాయమైపోతుంది. మనసు ఎప్పుడూ ప్లేటు ఖాళీ అయిందనే చెబుతుంది. ప్లేటు తీసేటప్పుడే రాయాలి. ఒక్క మార్పు మాత్రం ఖర్చు లేనిది: పప్పు, గుడ్డు ముందు తినమని, అన్నం తర్వాత కలుపుకోమని చెప్పడం. మధ్యలో కడుపు నిండిపోయినా మిగిలేది అన్నమే అవుతుంది.

ఇక చివరి గడి. ఆరో రోజు నుంచి అమ్మ తిండి తగ్గింది. 58 కాస్తా 41 అయింది, తర్వాతి రోజు 36. కూర మార్చి చూశాం, బతిమాలాం, నాన్న కోప్పడ్డాడు కూడా. ఎనిమిదో రోజు సిస్టర్‌కి షీటు ఫోటో తీసి పంపాను. ఆవిడ ప్రొటీన్ గడి చూడలేదు. "ఎందుకు మిగిలింది" కింద వరసగా ఐదుసార్లు "కడుపు ఉబ్బరం" అని ఉంది. "విరేచనం అయ్యి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. నాలుగు రోజులైంది. నొప్పికి ఇచ్చిన మాత్రల్లో ఒకటి, రక్తం తగ్గిందని ఇచ్చిన ఐరన్ మాత్ర, రెండూ మలబద్ధకం చేసేవే. పైగా కదలిక లేదు, అడుగడుగునా బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని అమ్మ నీళ్లు తగ్గించేసింది. డాక్టర్ గారు నొప్పి మాత్ర మార్చి, విరేచనానికి మందు రాశారు. రెండు రోజుల్లో అంకె మళ్లీ 55కి వచ్చింది. సమస్య వంటలో లేదు. ఆ గడి లేకపోతే మేం ఇంకో వారం వంటలే మారుస్తూ ఉండేవాళ్లం.

షీటు చెప్పలేనివి కూడా ఉన్నాయి. రక్తపరీక్షలో ఆల్బుమిన్ తక్కువ వచ్చిందని మా బంధువు ఒకాయన ప్రొటీన్ పౌడర్ డబ్బా పట్టుకొచ్చాడు. ఆపరేషన్ అయిన కొత్తలో ఒంట్లో వాపు వల్ల ఎంత తిన్నవాళ్లకైనా ఆల్బుమిన్ పడిపోతుంది. దాన్ని తిండికి మార్కుల్లా చూడకూడదని డైటీషియన్ చెప్పింది. బరువు కూడా మొదట్లో మోసం చేస్తుంది. కాలు వాచి ఉంటే కండ తగ్గినా తూకం తగ్గదు. నమ్మకంగా చూడదగ్గది కుర్చీ. చేతుల ఆసరా ఎంత తీసుకుని లేస్తోంది అన్నది. దానికీ షరతు ఉంది: ఫిజియోథెరపీ వ్యాయామం చేయకుండా ఎంత ప్రొటీన్ తిన్నా కండ రాదు. అందుకని అమ్మ వ్యాయామం చేసిందా లేదా అని మేమే ఆరో గడి గీసుకున్నాం.

మూడో వారంలో షీటు నింపడం ఆపేయమంది సిస్టర్. వరసగా మూడు రోజులు అంకె దగ్గరదగ్గరగా వస్తే ఇక రోజూ అక్కర్లేదట, వారానికి ఒక రోజు చాలట. ఇప్పుడు ప్రతి ఆదివారం రాస్తున్నాం. పోయిన ఆదివారం షీటు అమ్మే నింపింది. మధ్యాహ్నం దగ్గర అర గరిటె పప్పు మిగిలిందని రాసి, "ఎందుకు" అన్న చోట "ఉప్పు తక్కువైంది" అని రాసింది. ఆ రోజు వంట నాన్నది.