ఇది నా పని కాదు, ఫలానా వారిది

నేను ఎక్కువగా భూమి కాగితాలు అనువదిస్తుంటాను: అమ్మకం దస్తావేజులు, భాగపంపకాల కాగితాలు, పహాణీ నకళ్లు, సివిల్ కోర్టు తీర్పులు. ఈ మధ్య నాకు తరచూ పనిచ్చే సంస్థలోని ప్రాజెక్ట్ మేనేజరు వేరే రకం ఫైలు పంపారు. మధుమేహానికి ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. అందులో చేరే రోగులు చదివి సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రాన్ని తెలుగు చెయ్యాలి. ఆరువేల పదాలు, నాలుగు రోజుల గడువు.

చూడగానే వద్దనిపించే కాగితం కాదది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం ఇస్తారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఇవన్నీ రోగికి ముందే చెప్పాలి. ఈ భాషతో నాకు రోజూ పనే. మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే చదివి ఒప్పుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. అందుకే కొత్త రంగం ఫైలు వస్తే నేను మధ్య పేజీల దగ్గరికి వెళతాను. అసలు విషయం అక్కడే ఉంటుంది.

ఆ పత్రం మధ్యలో ఒకచోట, పరీక్షకు ముందు రెండు వారాలపాటు మిగతా షుగరు మందులు ఆపాలని ఉంది. రెండు పేజీల తర్వాత, మెట్‌ఫార్మిన్ ఇప్పుడు వాడుతున్న మోతాదులోనే కొనసాగించాలని ఉంది. రెండు వాక్యాల్లోనూ నాకు తెలియని మాట లేదు. నిఘంటువు తెరవకుండానే రెండింటినీ తెలుగులో రాయగలను. తెలియనిదల్లా ఒక్కటే: ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయా, లేక ఆ పరీక్షను రూపొందించిన పద్ధతే అంతా? మెట్‌ఫార్మిన్‌ను అడుగు మందుగా ఉంచి, తక్కినవి ఆపించి, పైన కొత్త మందు ఇచ్చి చూసే పరీక్షలు ఉన్నాయి. అలాగే ఒక పాత ట్రయల్ పత్రంలోంచి తెచ్చి అతికించిన వాక్యాన్ని సరిచూడకుండా వదిలేయడమూ జరుగుతుంది. ఇందులో ఏది నిజమో ఆ రంగంలో పనిచేసినవారికి ప్రోటోకాల్ ఒకసారి చూస్తే తెలుస్తుంది. లేదా ఏం అడగాలో తెలుస్తుంది. నాకు ఆ రెండూ లేవు.

నా దృష్టిలో రంగం తెలియడమంటే ఇదే. మూలం రాసినవారి ఉద్దేశాన్నీ వారి పొరపాటునూ వేరుచేసి చూడగలగాలి. అమ్మకం దస్తావేజులో సర్వే నంబరుకు, హద్దులకు పొంతన లేకపోతే నా కన్ను అక్కడ ఆగుతుంది. వెంటనే ప్రశ్న రాసి పంపుతాను. మందుల పత్రంలో నా కన్ను అలా ఆగదు. ఈ రెండు వాక్యాల దగ్గర ఆగింది కాబట్టి సరిపోయిందనుకుంటే, ఆగకుండా దాటిపోయినవి ఎన్నో ఎవరు చెప్పాలి?

ఇలాంటి పత్రాలకు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఉంటుంది కదా అని కొందరంటారు. తెలుగు ప్రతిని ఇంకొకరు మూలం చూడకుండా ఇంగ్లీషులోకి తిప్పుతారు, రెండు ఇంగ్లీషు ప్రతులనూ పోల్చి చూస్తారు. వదిలేసిన వాక్యాలు, తారుమారైన అంకెలు దాంట్లో దొరుకుతాయి. కానీ పై రెండు వాక్యాలనూ నేను ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే, అవి ఉన్నదున్నట్టే ఇంగ్లీషులోకి తిరిగి వెళతాయి. పోల్చినవారికి తేడా కనిపించదు. చివరికి ఏ మాత్ర మానాలో, ఏది వేసుకోవాలో తేలక ఇంట్లో కూర్చునేది రోగి. అంతర్జాతీయ అనువాదకుల సమాఖ్య 1963లో దుబ్రోవ్నిక్‌లో ఆమోదించిన నియమావళి, తన సామర్థ్యానికి బయటి రంగంలో పని ఒప్పుకోవద్దని అనువాదకుడికి చెబుతుంది. ఆ మాట నేను పాటించేది ఈ రోగి కోసమే.

ఇక, పని వద్దని రాయాల్సిన ఉత్తరం. నాలుగు రోజుల గడువులో నేను రేపటి దాకా ఆలోచిస్తే ఒక రోజు పోతుంది. కాబట్టి గంటలోపే జవాబివ్వాలి. కానీ దానికి ముందు ఒక ఫోను చెయ్యాలి. నాకు తెలిసిన ఒకావిడ ఫార్మసీ చదివి, ఆసుపత్రిలో ట్రయల్స్ సమన్వయం చూసి, తర్వాత వైద్య అనువాదంలోకి వచ్చారు. ఆమెకు ఫైలు పంపలేదు, సంస్థ పేరు చెప్పలేదు. గోప్యత ఒప్పందం మీద సంతకం చేసింది నేను, ఆమె కాదు. "మధుమేహం ట్రయల్ సమ్మతి పత్రమండీ, ఆరువేల పదాలు, నాలుగు రోజులు. మీ పేరు ఇవ్వమంటారా?" అని మాత్రం అడిగాను. "ఇవ్వండి, ఖాళీగానే ఉన్నాను" అన్నారు. అప్పుడు ఇలా రాశాను:

"మేడమ్ గారికి నమస్కారం. ఈ పని నేను తీసుకోలేను. గడువు, రేటు కారణం కాదు; క్లినికల్ ట్రయల్స్ నా రంగం కాదు. మందులు ఆపడం, కొనసాగించడం గురించిన సూచనలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే జ్ఞానం నాకు లేదు. ఈ పనికి తగినవారి పేరు, మెయిల్ కింద ఇస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, ఈ నాలుగు రోజులూ ఆమెకు వీలుంది. ఆమె చేసిన రోగుల సమాచార పత్రాలు రెండు చదివాను, స్పష్టంగా ఉన్నాయి. రేటు సంగతి మీరిద్దరూ మాట్లాడుకోండి. ఈ సిఫారసుకు నేనేమీ తీసుకోను. మీరు పంపిన ఫైలు తొలగించాను. భూమి, రిజిస్ట్రేషన్, సివిల్ కోర్టు కాగితాలు ఎప్పటిలాగే పంపగలరు."

కాదన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి. క్షమాపణలతో మొదలుపెడితే, బేరానికి చోటుందని అవతలివారు అనుకుంటారు. గడువు పెంచుతాం, రేటు పెంచుతాం అంటారు. అందుకే కారణాన్ని కూడా స్పష్టంగా రాయాలి. సిఫారసులో నేను చూసినంతే చెప్పాలి. ఆమె ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేసినవి చదివాను కాబట్టి అదే రాశాను. తెలుగు నుంచి ఇంగ్లీషుకు ఎలా చేస్తారో నేను చూడలేదు, దాని ఊసే ఎత్తలేదు. ఆమె రేటు నేను చెబితే ఆమె బేరాన్ని నేను కట్టేసినట్టవుతుంది.

ఒకటి మాత్రం కావాలనే రాయలేదు: "అనువాదం వేరేవారు చేస్తే తెలుగు సరిచూసి పెడతాను" అన్న మాట. వినడానికి సాయంలాగే ఉంటుంది. కానీ 2015లో వచ్చిన ఐఎస్ఓ 17100 ప్రమాణం సరిచూసేవారికీ ఆ రంగంలో అనుభవం ఉండాలంటుంది. నేను వాక్యం నునుపు చేయబోయి, ఆమె జాగ్రత్తగా పెట్టిన షరతును ఊడగొట్టవచ్చు.

మంచి అనువాదకుల పేరు ఇస్తే సంస్థ ఇక నన్ను మరిచిపోతుందేమోనన్న భయం ఈ వృత్తిలో చాలామందికి ఉంది. కానీ ఆమెకు పట్టాలు, పహాణీలు రావు, నాకు మోతాదులు రావు. ఇద్దరి సంగతీ తెలిసిన మేనేజరు ఏ ఫైలు ఎవరికి పంపాలో తేలిగ్గా తేల్చుకుంటారు. ఆమె కూడా అమ్మకం దస్తావేజు వస్తే నా పేరు చెబుతారు.

అయితే, ఎవరి పనీ నేను స్వయంగా చదవని రంగాలూ ఉన్నాయి. పేటెంట్లు అలాంటివి. అప్పుడు కాదన్న మాట, కారణం రాసి ఊరుకుంటాను. వినికిడి మీద ఒక పేరు ఇస్తే, నా మాట నమ్మి మేనేజరు పరీక్షించడం మానేస్తారు. పేరు లేకుండా వెళ్లిన జవాబు చూస్తే, వెతకాల్సిన పని తమ మీదే ఉందని వారికి తెలుస్తుంది.