పది షేర్లు, ఒకే గాలి

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా మజ్దూర్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ నుక్సాన్‌కు ఏ హిసాబూ సరిపోదు, వాళ్ల ఇంటివాళ్లకు అల్లాహ్ సబ్ర్ ఇవ్వాలి. ఇక్కడ నేను రాస్తున్నది చాలా చిన్న విషయం, డబ్బు సంగతి. ఆ ఒక్కరోజే ఆ కంపెనీ షేరు పది శాతం పైనే పడింది. అదే రోజు సెన్సెక్స్ తగ్గింది మాత్రం అర శాతం చుట్టూ.

ఇంకో తారీఖు చూడండి. 2020 మార్చి 23, లాక్‌డౌన్ మొదలవుతున్న రోజు. సెన్సెక్స్ ఒక్కరోజులో పదమూడు శాతం పడింది. ఏ ఫ్యాక్టరీ ఎంత బాగా నడుస్తోందో ఎవరూ అడగలేదు. మందుల షేర్లూ, టైర్ల షేర్లూ, బ్యాంకులూ అన్నీ కలిసే పడ్డాయి.

మొదటిది ఒక కంపెనీ ఖతరా. రెండోది బజార్ మొత్తం ఖతరా. షేర్ల సంఖ్య పెంచితే మొదటిది కరిగిపోతుంది, రెండోది కరగదు. ఈ సంగతి మా ఇంట్లో కాగితం మీద లెక్క కట్టాల్సి వచ్చింది.

మా దులాభాయ్ పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ పోగా చేతిలో పది లక్షలు మిగిలాయి. సూద్ తినరు కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ మాటే లేదు. రెండేళ్లలో చిన్నమ్మాయి నికాహ్ ఉంది. నేను అకౌంట్స్ పని చేస్తాను గనక, పది కంపెనీల పేర్లు రాసుకుని నా దగ్గరికి మష్వరాకు వచ్చారు. పదీ మందుల కంపెనీలే. బొల్లారం, జిన్నారం, బొంతపల్లి, పాశమైలారం వైపు యూనిట్లు ఉన్నవే.

"ఒక్కోదాంట్లో లక్ష పెడత. ఒకటి మునిగినా తొమ్మిది ఉంటయి కదా భాయ్. నాకు తెలిసిన ధందా ఇదొక్కటే" అన్నారు.

"మీరు చెప్పింది సగం సహీ, దులాభాయ్. మిగతా సగం లెక్క కడదాం" అన్నాను.

పది వరుసలు, పది నిలువులు గీసి వంద ఖానాలు చేశాను. అన్ని షేర్లలో సమానంగా డబ్బు పెడితే మొత్తం ఊగిసలాట, అంటే వేరియన్స్, ఈ వంద ఖానాల సగటే. మూలనుంచి మూలకు ఏటవాలుగా పది ఖానాలుంటాయి. వాటిలో ఒక్కో షేరు సొంత వేరియన్స్ ఉంటుంది. మిగతా తొంభైలో ఏ రెండు షేర్లు ఎంత కలిసి ఊగుతాయో ఉంటుంది. దాన్ని కోవేరియన్స్ అంటారు. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ అచ్చు వేయించిన వ్యాసంలో ఈ లెక్కకు పునాది ఉంది.

ఇప్పుడు గమనించండి. షేర్లు పది అయితే సొంత ఖానాలు వందలో పది. షేర్లు యాభై అయితే ఖానాలు రెండువేల ఐదువందలు, సొంతవి యాభై మాత్రమే, అంటే వందకు రెండు. షేర్లు పెరిగేకొద్దీ సొంత ఖతరా వాటా కరుగుతుంది. చివరికి మిగిలేది కోవేరియన్స్ సగటు ఒక్కటే. సూత్రంగా రాస్తే:

```
V = S/N + (1 − 1/N) × C
```

N షేర్ల సంఖ్య, S ఒక్కో షేరు సొంత వేరియన్స్ సగటు, C కోవేరియన్స్ సగటు. N ఎంత పెంచినా V ఆ C కంటే కిందికి దిగదు. అది గచ్చు లాంటిది.

అర్థం కావడానికి అంకెలు నేనే అనుకున్నాను. ఒక్కో షేరు ఏడాదికి 40 శాతం ఊగుతుంది అనుకుందాం. వేరియన్స్ అంటే దాని వర్గం, 1600. ఒకే ధందా కాబట్టి మందుల షేర్ల మధ్య కోవేరియన్స్ 800 అనుకుందాం. పది షేర్లకు 160, దానికి 720 కలిపితే 880. దాని వర్గమూలం దాదాపు 29.7 శాతం. యాభై కంపెనీలు కొన్నా 28.6 శాతం. గచ్చు 28.3 దగ్గరే ఉంది.

ఇప్పుడు అదే హైవే మీద పోతూ వేరే ధందాలు చూడమన్నాను. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టర్బైన్లు, సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్లు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు. ఇవే కొనమని కాదు, మిసాల్ కోసం చెప్పాను. ధందాలు వేరైతే కోవేరియన్స్ సగటు 400 అనుకుందాం. నాలుగే షేర్లు తీసుకుంటే 400, దానికి 300 కలిపి 700, అంటే 26.5 శాతం. దులాభాయ్ కాగితం వైపు చాలాసేపు చూశారు. వేర్వేరు ధందాల నాలుగు షేర్లు యాభై మందుల షేర్ల కంటే తక్కువ ఊగుతున్నాయి.

మందుల కంపెనీలు ఎందుకు కలిసి ఊగుతాయో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. ఒక ప్లాంట్‌కు అమెరికా ఎఫ్‌డీఏ నోటీసు వస్తే అది ఆ కంపెనీ ఖతరా. చైనా నుంచి వచ్చే ముడిసరుకు ధర పెరిగితే అది అందరిదీ. 2015 తర్వాత కొన్నేళ్లు అమెరికాలో జనరిక్ మందుల ధరలు పడిపోయి, సెన్సెక్స్ పెరుగుతున్నా మన మందుల షేర్లు వెనకబడే ఉన్నాయి. అప్పుడు పదో షేరూ పదకొండో షేరూ ఏమీ కాపాడలేదు.

పైగా దులాభాయ్ కొడుకు తన్ఖా కూడా మందుల ఫ్యాక్టరీ నుంచే. ఇస్నాపూర్‌లో వాళ్ల రెండు గదుల కిరాయి కూడా ఆ ఫ్యాక్టరీల మజ్దూర్ల నుంచే. ఇవి ఆయన కాగితంలో లేని షేర్లు, కానీ అదే గాలికి ఊగుతాయి. మన ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. షరియా ప్రకారం బ్యాంకులు, శరాబ్ కంపెనీలు తీసేస్తే, మిగిలిన జాబితాలో సాఫ్ట్‌వేర్, మందుల వాటా తనంతట తనే పెరుగుతుంది. హలాల్ జాబితా తీసుకున్నాక కూడా ధందాలు ఎన్ని అని విడిగా లెక్కపెట్టాలి.

వేర్వేరు ధందాలు తీసుకున్నా 400 మిగులుతుంది, అంటే 20 శాతం. అదే బజార్ ఖతరా. పైగా మార్చి 2020 లాంటి రోజుల్లో అన్నీ కలిసి పడతాయి కాబట్టి ఆ గచ్చే పైకి లేస్తుంది. దాన్ని తగ్గించడానికి ఉన్న దారి బజార్‌లో పెట్టే డబ్బే తగ్గించడం.

అందుకే నాలుగు లక్షలు షేర్ల బయట ఉంచాలని ఫైసలా అయింది. నికాహ్‌కు ఎలాగూ కొనాల్సిన బంగారం అందులోంచి ఇప్పుడే కొంటారు. రేపు ధర ఎటు పోయినా అమ్మాయికి కావలసింది ఆ బంగారమే. మిగతా ఆరు లక్షలు వేర్వేరు ధందాల పది షేర్లలో. మొదటి కాగితం ప్రకారం ఒక మామూలు చెడ్డ ఏడాదిలో పది లక్షల మీద దాదాపు మూడు లక్షల ఊపు ఉండేది. ఇప్పుడు ఆరు లక్షల మీద 22.8 శాతం, అంటే లక్షా ముప్పై ఏడు వేలు.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే ఒక పరీక్ష చేయండి. బజార్ బాగా పడిన నాలుగైదు తారీఖులు తీసుకుని, మీ షేర్లన్నీ ఆ రోజుల్లో ఏం చేశాయో పక్కపక్కన రాయండి. తర్వాత బజార్ మామూలుగా ఉండి మీ షేర్లలో ఒకటి గట్టిగా పడిన రోజులు చూడండి. ఆ రోజుల్లో మిగతావి నిలబడితే మీ దగ్గర నిజంగానే చాలా షేర్లు ఉన్నట్టు. అన్నీ దాని వెంటే పడితే, పేర్లు ఎన్ని ఉన్నా మీరు కొన్నది ఒకటే.