మా మేనకోడలి పాదం, రాత్రి బూట్లు

మాది జిన్నారం దగ్గర తండా. నేను సంగారెడ్డిలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీకి పోయింది నేనే మొదలు. అందుకే ఏ కాగితం వచ్చినా నా చేతికే వస్తది, రేషన్ కార్డైనా, ఆసుపత్రి చీటీ అయినా. మా అక్క బిడ్డ వైద్యం మొత్తం నాకు తెలవడానికి కారణం అదే. అక్కకు చదువు రాదు, బావకు గడ్డపోతారంల కంపెనీ షిఫ్టు. ఆసుపత్రికి తోడు పోయేది నేను.

పాప పుట్టినప్పుడు కుడి పాదం లోపలికి తిరిగి, అరికాలు రెండో కాలు దిక్కు చూస్తున్నట్టు ఉండె. మడమ పైకి గుంజుకొని ఉండె. దీన్ని క్లబ్‌ఫుట్ అంటరు. సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి వస్తది. తండాల ఒకరు గ్రహణం పట్టిందన్నరు, ఇంకొకరు కంపెనీ నీళ్లు అన్నరు. మా యాడి అయితే అక్క కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఎట్ల కూసున్నదో లెక్కలు తీసుడు మొదలుపెట్టింది. డాక్టర్ ఒకటే చెప్పిండు, చాలామంది పిల్లల్లో కారణం ఇదీ అని చెప్పలేం, తల్లి చేసింది ఏమీ లేదు అని. కంపెనీ నీళ్ల మీద మన కొట్లాట మనకుంది. కానీ ఈ పాదాన్ని అక్క ఖాతాల వేసుడు మాత్రం అన్యాయం.

రోజూ నూనె పెట్టి మర్దన చేస్తే సర్దుకుంటదని అందరూ అన్నరు. కొందరు పిల్లలకు కడుపుల ఇరుకుగా ఉండి పాదం కొద్దిగ వంగుతది. అది చేత్తో అంటే తిన్నగ వచ్చేస్తది, దానంతటదే పోతది కూడా. మా పాపది అట్ల కాదు. చేత్తో అంటే గట్టిగ ఉండె, సగం దాక కూడా రాలే. ఇంట్ల చూసుకోవాల్సిన తేడా ఇదే. రాకుంటే మర్దనతో రోజులు పోగొట్టొద్దు.

పది రోజుల పిల్లకు మొదటి కట్టు వేసిన్రు. ఈ పద్ధతి పేరు పొన్సెటి పద్ధతి. ఇగ్నాసియో పొన్సెటి అనే డాక్టర్ అమెరికాల అయోవా విశ్వవిద్యాలయంల దీన్ని తయారు చేసిండు. ఇప్పుడు మన దేశంలనూ ఇదే చేస్తరు. పసిపిల్లల పాదంల ఎముకలు ఇంకా సగం మెత్తటి ఎముకే. నరాలు కావు, ఎముకలను పట్టి ఉంచే పట్టీలు, వెనక మడమ తాడు, ఇవి పొట్టిగ గట్టిగ ఉంటయి. వాటిని మెల్లగ సాగదీసి, సాగిన చోట పిండికట్టుతో పట్టి ఉంచుతరు. వారంల అవి ఆ కొలతకు అలవాటు పడతయి, మళ్ళ కొంచెం సాగదీస్తరు. ఒక్కరోజుల తిప్పేద్దామంటే మెత్తటి ఎముక నలిగిపోతది.

కట్టు వేసుడు ఇద్దరి పని. ఒకరు పాదం పట్టుకుంటరు, ఇంకొకరు చుడతరు. నా పని పాప నోట్ల పాలు పోసుడు, ఎందుకంటే ఏడుస్తే కాలు బిగబడుతది. మొదటి కట్టుకు పాదాన్ని బయటికి తిప్పుతరనుకున్న. కానీ డాక్టర్ ముందు బొటనవేలు దిక్కు పైకెత్తి, పాదం ముందు భాగాన్ని వెనక భాగంతో ఒక వరుసకు తెచ్చిండు. చూస్తే ఇంకా వంకర చేస్తున్నట్టే కొట్టింది. తర్వాతి కట్లల్ల చీలమండ ముందు బయటి పక్కన తగిలే ఎముక మీద బొటనవేలు ఆనించి, దాని చుట్టూ పాదాన్ని మెల్లమెల్లగ బయటికి తిప్పుకుంట పోయిండు. మడమను అసలు ముట్టుకోలే. మడమను పట్టుకొని తిప్పితే లోపలి ఎముకలు ఇరుక్కొని సరికావట.

కట్టు వేళ్ల కాడి నుంచి తొడ దాక, మోకాలు వంచి వేస్తరు. మోకాలు కిందికే వేస్తే చాలదా అని బావ అడిగిండు. చిన్న పిల్ల కాలు గుండ్రంగ, బొద్దుగ ఉంటది, పొట్టి కట్టు జారిపోతది, పాదం తిప్పిన తిప్పు నిలవదు. ఇంట్ల మాకు చెప్పిన పరీక్ష ఒకటి. వేళ్లు రోజూ చూడాలె. ఎర్రగ, వెచ్చగ ఉంటే మంచిది. నీలంగ, తెల్లగ, చల్లగ అయితే అదే పూట ఆసుపత్రికి పోవాలె. ఇంకొకటి, నిన్న కనబడ్డ వేళ్లు ఇయ్యాల కట్టు లోపలికి పోయినయి అంటే పిల్ల కాలు కాదు, కట్టు జారింది. జారిన కట్టు పనిచేయకపోవుడు కాదు, పుండు చేస్తది, దాన్ని తీయించాలె.

డాక్టర్ ప్రతిసారి ఒక అంకె రాసేటోడు. ఆరు గుర్తులు చూసి ఒక్కోదానికి సున్నా, అర, ఒకటి వేస్తరు. మొత్తం ఆరు అంటే బాగ వంకర, సున్నా అంటే మామూలు పాదం. దాంట్ల ఒకటి నాకు బాగ గుర్తు. మడమను వేలితో ఒత్తి చూస్తరు, లోపల ఎముక తగులుతే గడ్డం లెక్క గట్టిగ ఉంటది, కొంచెం తగులుతే ముక్కు కొస లెక్క, ఎముక పైకి పోయి ఉంటే అరచేతి మెత్త లెక్క ఉంటది. మా పాపకు మొదటి రోజు 5.5. ఐదో కట్టు నాటికి 2. మిగిలిన ఆ 2 అంతా మడమ దిక్కే. పాదం బయటికి తిరిగింది గాని మడమ తాడు దిగలే.

అప్పుడు చిన్న ఆపరేషన్ చెప్పిన్రు. ఎక్కువ మంది పిల్లలకు ఇది అవసరం పడతది. మత్తు సూది ఆ చోటనే వేసి, సన్న బ్లేడుతో మడమ తాడును పూర్తిగ కోస్తరు. కుట్లు లేవు, కొన్ని నిమిషాల పని. 'తాడు కోస్తే పిల్ల నడుస్తదా' అని మా యాడి ఏడ్చింది. తర్వాత కట్టు మూడు వారాలు ఉంచుతరు. ఆ లోపు తాడు పొడుగు కొలతతో మళ్ళ అతుకుతది. కట్టు తీసిన రోజు రెండు పాదాలూ ఒక్క తీరుగ కనబడ్డయి. బావ లడ్డూలు తెచ్చిండు. అందరం పని అయిపోయింది అనుకున్నం.

డాక్టర్ అప్పుడు చెక్కపెట్టెల నుంచి బూట్లు తీసిండు. రెండు చిన్న బూట్లు, మధ్యల ఒక కమ్మి. కమ్మి పొడుగు పిల్ల భుజాల వెడల్పంత. కుడి బూటు 60, 70 డిగ్రీలు బయటికి, మంచిగున్న ఎడమది 40 డిగ్రీల లోపు. మంచి కాలికి ఎందుకు అని అడిగిన. కమ్మికి ఒక్క కాలే కడితే పాదం తిప్పు నిలవదు, రెండో కాలు ఆసరా కావాలె. పిల్ల రెండు కాళ్లూ కలిపి తంతుంటే మడమ తాడు కూడా సాగుతుంటదట. మూడు నెలలు రోజుకు 23 గంటలు వేసుకోవాలె, స్నానానికే తీయాలె. ఆ తర్వాత రాత్రి, పగటి నిద్రల కలిపి 12 నుంచి 14 గంటలు. ఎన్ని రోజులు అంటే నాలుగేళ్లు వచ్చేదాక.

పాదం సరిగ్గ ఉంది కదా, ఇంకెందుకు? ఈ ప్రశ్న దగ్గరనే చాలామంది ఆగిపోతరు. కట్టు పాదం ఆకారాన్ని మార్చింది గాని, వెనక తాడుకు, లోపలి పట్టీలకు ఉన్న గుంజుకునే గుణం పోలే. పిల్ల పాదం మొదటి ఏళ్లల్ల బిరబిర పెరుగుతది, ఆ పెరుగుడుల వాటికి మళ్ళ పొట్టి కావడానికి సందు దొరుకుతది. బూట్లు ఆ గుంజుడుకు ప్రతి రాత్రీ అడ్డం ఉంటయి. పొన్సెటి పద్ధతి చేతిపుస్తకంల లెక్క ఇట్ల ఉంది: బూట్లు చెప్పినట్టు వేసిన ఇండ్లల్ల 6 శాతం మందికి మళ్ళ వంకర వస్తది, వేయని ఇండ్లల్ల 80 శాతానికి పైగ.

మొదటి రెండు రాత్రులు పాప ఏడ్చింది. సిస్టరమ్మ ముందే చెప్పింది, ఏడ్చినప్పుడల్ల విప్పితే ఏడుస్తే ఊడుతయని నేర్చుకుంటది అని. అక్క కమ్మి పట్టుకొని రెండు మోకాళ్లు కలిపి వంచుడు, చాపుడు ఆటలెక్క ఆడించింది. మూడో రోజుకు పాపనే తన్నుడు మొదలుపెట్టింది. వేసేటప్పుడు వంకరున్న కాలు ముందు. నూలు సాక్సు, మడమ అడుగుకు తగిలేటట్టు తోసి, మధ్య పట్టీ మొదలు బిగియాలె. మడమ మీద ఎర్ర మచ్చ, బొబ్బ వస్తే బూటు బిగువైంది అనుకొని వదులు చేస్తరు. ఎక్కువసార్లు అసలు సంగతి దానికి తిరకాసు, వదులై మడమ లోపల జారి రుద్దుకుంటుంది.

తొమ్మిదో నెలల నారాయణఖేడ్ దిక్కు బావ చుట్టాల పెళ్ళి. తర్వాత ఆ ఇంట్లనే ఒకరికి పానం బాగలేక అక్క ఐదు వారాలు ఉండిపోయింది. బూట్లు బస్సుల పోయినయి. ఫోన్ల 'పాదం బాగనే ఉంది, తమ్మీ' అన్నది అక్క. చూపుకు నిజంగనే బాగుంది. నేను సెలవుకు పోయినప్పుడు కొత్త బూట్లు తొడుగుతుంటే మడమ అడుగుకు పోతలే, ఎన్నిసార్లు తోసినా పైకి లేస్తుంది. ఆసుపత్రిల పాదం పైకి వంచి చూసిన్రు. ముందు 20 డిగ్రీలు వంగిన పాదం ఇప్పుడు నిటారు దాక కష్టంగ వస్తుంది. పాదం ముందు భాగం వంకర కాకముందే మడమ దగ్గర మొదలైతది ఇది, అందుకే కంటికి ఆనదు. మళ్ళ రెండు కట్లు పడ్డయి, ఒక్కోటి రెండు వారాలు. తాడు రెండోసారి కోయకుండనే 15 డిగ్రీలు వచ్చింది, మళ్ళ బూట్లు.

ఇప్పుడు పాపకు రెండేళ్లు కావస్తున్నయి, ఉరుకుతుంది. బావ రాత్రి షిఫ్టు పోయే ముందు తనే బూట్లు తొడిగి పోతడు, అది ఆయన డ్యూటీ. అక్కకు గీతలు పెట్టే క్యాలెండర్ ఇచ్చిన, వేసిన రాత్రికి ఒక గీత. గీత లేని రాత్రులు నెలకు ఒకటో రెండో ఉంటయి, జ్వరం వచ్చినప్పుడు. వేళ్లు బూటు అంచు దాటితే కొత్త సైజు అడగాలె. ప్రభుత్వ ఆసుపత్రులల్ల క్యూర్ ఇండియా లాంటి సంస్థలతో కలిసి బూట్లు ఉచితంగ ఇచ్చే చోట్లు ఉన్నయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంల పుట్టుకతో వచ్చే లోపాల జాబితాల క్లబ్‌ఫుట్ ఉన్నది. ఆశక్కను, అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే జిల్లా ఆసుపత్రి దాక దారి చూపుతరు.

వచ్చే నెల మళ్ళ చూపించుకునే రోజు ఉంది. పాప నడిచేటప్పుడు పాదం లోపలికి తిరుగుతుందా అని చూస్తరట. తిరిగితే రెండున్నరేళ్లు దాటినంక పాదం ముందు దిక్కున్న ఒక కండర తాడును బయటి పక్కకు మార్చే ఆపరేషన్ ఉంటదట. ఇప్పటికైతే చెప్పులు రెండూ ఒక్క తీరుగనే అరుగుతున్నయి, నేను ఇంటికి పోయినప్పుడల్ల తిప్పి చూస్తున్న.