బొమ్మకు తగిన మాట

ఖమ్మం మైదానాలు దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగేకొద్దీ పొలాలు పలుచబడి అడవి దగ్గరవుతుంది. గోదావరికి ఆవలి ఒడ్డున దుమ్ముగూడెం, చర్ల మండలాలు, వాటిని ఆనుకొని ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. ఇక్కడి కోయ గూడేలలో కుళాయిలు, చేతి పంపులు వచ్చిన తరువాత కూడా చెలమ నీటి మీద మక్కువ పోలేదు. వాగు ఎండినప్పుడు ఇసుకలో మూరెడు లోతు గుంట తీస్తారు. మొదట ఊరిన మురికి నీటిని తోడి పారబోస్తారు. కాసేపటికి అద్దంలాంటి నీరు ఊరుతుంది. దానిని చిప్పతోనో చెంబుతోనో మెల్లగా ముంచి బిందెకు ఎత్తుకుంటారు. ఆ నీరు చల్లగా, తియ్యగా ఉంటుంది. అది కలుషితమైనదని చెబితే నమ్మడం ఎవరికైనా కష్టమే.

వానకాలంలో పరిస్థితి వేరు. భద్రాచలం వద్ద గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల దాకా, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పొంగింది. అంతటి వరద తీసిన తరువాత బావులలో, చేతి పంపుల గొట్టాలలో మిగిలేది వరద నీరే. అటువంటి రోజులలో ఆరోగ్య కార్యకర్తలు తెర కట్టి, లేదా చేతిలోని ఫోనులోనే, చేతుల శుభ్రత గురించి, తాగునీటి గురించి ఒక చిన్న చిత్రం చూపించాలనుకుంటారు. వేరొక దేశంలో, వేరొక భాషలో తయారైన చిత్రమైతే దానికి ముందుగా తెలుగు గొంతు కావాలి. ఆ గొంతును అతికించే పని బయటికి తేలికగా కనిపిస్తుంది.

ఇటువంటి చిత్రాలలో పేరొందినది 'ది స్టోరీ ఆఫ్ కలరా'. 2010లో హైతీ దేశంలో కలరా చెలరేగిన తరువాత, 2011లో గ్లోబల్ హెల్త్ మీడియా ప్రాజెక్ట్ అనే సంస్థ దీనిని నిర్మించింది. దర్శకుడు యోని గుడ్‌మన్. ఐదు నిమిషాల లోపు సాగే ఈ బొమ్మల కథలో ఒక బాలుడు జబ్బుపడిన తండ్రిని ఆరోగ్య కార్యకర్త సహాయంతో కాపాడుకొని, ఆ జబ్బు ఎలా వ్యాపిస్తుందో తన ఊరికి తెలియజేస్తాడు. కంటికి కనబడని క్రిములను కనబడేటట్లు గీయడం ఆ చిత్రంలోని ప్రధానమైన ఉపాయం. కథను ఒక గొంతు వెనుక నుండి చెబుతూ ఉంటుంది కనుక అనేక భాషలలోకి దానిని మార్చగలిగారు.

సినిమా డబ్బింగుకూ దీనికీ ఉన్న భేదం ఇక్కడే. 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగులోకి వచ్చిన హిందీ చిత్రానికి శ్రీశ్రీ మాటలు రాసిన నాటి నుండి మన డబ్బింగు రచయితలను వేధించినది పెదవుల కదలిక. తెరమీద పెదవులు కలిసిన చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పడాలి. వెనుక నుండి కథ చెప్పే ఆరోగ్య చిత్రంలో ఆ బాధ లేదు. పెదవులకు బదులు ఇక్కడ బొమ్మకు లొంగి ఉండాలి. తెరమీద సబ్బు కనబడుతున్న క్షణంలో చెవికి సబ్బు అనే మాటే వినబడాలి. అది తప్పితే, చదువురాని ప్రేక్షకుడు బొమ్మకూ మాటకూ ముడి వేసుకోలేడు.

ఒక వాక్యాన్ని తీసుకొని చూడవచ్చు. 'వాష్ యువర్ హ్యాండ్స్ విత్ సోప్ బిఫోర్ యూ ఈట్' అనే సూచన ఇటువంటి చిత్రాలలో ఏదో ఒక రూపంలో తప్పక వస్తుంది. పలుకుబడిలో లెక్కిస్తే అది తొమ్మిది అక్షరాలు. దాని వెనుక బొమ్మ మూడు సెకన్లు ఉంటుందనుకుందాం: మొదట సబ్బు, తరువాత రుద్దుకుంటున్న చేతులు, చివరికి అన్నం పళ్ళెం. పుస్తకంలో రాసేటట్లు దానిని తెలుగు చేస్తే 'అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి' అవుతుంది. ఇవి పదహారు అక్షరాలు. నిదానంగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పేవారు సెకనుకు ఐదు అక్షరాలు పలుకుతారనుకుంటే, వాక్యం బొమ్మను దాటిపోతుంది. దాటేది కొద్దిగానే కదా అని గొంతును తొందరపెడితే ఆ తొందర ప్రతి వాక్యానికీ పేరుకొని, చివరకు చిత్రమంతా వార్తలు చదివినట్లుంటుంది.

నిడివి కన్నా పెద్ద చిక్కు క్రమంలో ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. పైగా 'తినేముందు' అనే మాట మొదటికి వచ్చింది. అంటే తెరమీద సబ్బు ఉండగా చెవిలో అన్నం పడుతుంది. తెరమీదికి పళ్ళెం వచ్చాక చేతులు కడుక్కోమని వినబడుతుంది. పళ్ళెం ముందు కూర్చున్నాక కడుక్కోవాలి కాబోలు అని ఎవరైనా అనుకుంటే తప్పు వారిది కాదు.

ఈ ముడిని విప్పడానికి తెలుగులోనే సాధనం ఉంది. వ్యాకరణంలో విద్యార్థులు చదివే క్త్వార్థక క్రియ అది. 'సబ్బుతో చేతులు కడుక్కొని అన్నం తినండి' అంటే సరిపోతుంది. అక్షరాలు పదిహేను, పట్టే కాలం మూడు సెకన్లు. సబ్బు, చేతులు, అన్నం అన్నవి బొమ్మ నడిచిన వరుసలోనే నడుస్తాయి. 'కడిగి' అంటే ఒక అక్షరం కలిసివచ్చేదే. కానీ కడగడం గిన్నెలకూ చెల్లుతుంది, పిల్లల చేతులకూ చెల్లుతుంది; తన చేతులు తానే శుభ్రం చేసుకోవడం కడుక్కోవడం. ఆ ఒక్క అక్షరం ఖర్చు పెట్టడమే మేలు.

ఈ వాక్యానికి మరొక గుణం ఉంది. 'కాళ్ళు చేతులు కడుక్కొని భోజనానికి రండి' అని అతిథిని పిలవడం తెలుగు ఇళ్ళలో వాడుక. అందువల్ల మాటలో అధికారి ఆజ్ఞ కాక ఇంటి ఇల్లాలి పిలుపు వినిపిస్తుంది. అయితే ఆ పిలుపు వెంట వచ్చేది చెంబెడు నీళ్ళే తప్ప సబ్బు కాదు. అలవాటైన వాక్యం అలవాటైన పనినే గుర్తు చేస్తుంది. అందుచేత గొంతు ఇచ్చేవారు ఊనిక 'సబ్బుతో' అన్న మాట మీద పెట్టి, దాని తరువాత క్షణం ఆగాలి. రాత ప్రతిలోనే ఆ మాట కింద గీత గీసి ఇవ్వడం మంచి పద్ధతి.

ఇక అసలు పరీక్ష 'క్లీన్ వాటర్' అన్న రెండు మాటల దగ్గర ఎదురవుతుంది. తొందరలో ఉన్న అనువాదకుడు 'మంచినీళ్ళు తాగండి' అని రాస్తాడు. తెలుగులో మంచినీళ్ళు అంటే తాగడానికి వాడే నీళ్ళు. అవి ఎక్కడివైనా కావచ్చు. తాగే నీళ్ళు తాగండి అని చెప్పినట్లయింది! 'శుభ్రమైన నీరు' అంటే కొంత నయమే గాని, వినేవాని కళ్ళ ముందు నిలిచేది మురికి లేని నీరు, అంటే తేట నీరు. అడవి అంచున తేట నీరనగానే చెలమ గుర్తుకు వస్తుంది. చిత్రం ఏ నీటిని గురించి హెచ్చరించడానికి పుట్టిందో ఆ నీటినే మెచ్చుకొన్నట్లు అవుతుంది. క్రిములను 'పురుగులు' అన్నా ఇదే ప్రమాదం. నీటిలో పురుగులు కనబడలేదు గనుక భయం లేదని తేల్చుకోవడం సహజం. 'కంటికి కనబడని క్రిములు' అని ఒక్కసారి నిదానంగా చెప్పి, అటుపైన 'క్రిములు' అని సరిపెట్టుకోవచ్చు.

కనుక నీటి గుణాన్ని వదిలి, చేయవలసిన పనిని చెప్పాలి. 'కాచి చల్లార్చిన నీళ్ళు' అన్నది అందరికీ తెలిసిన మాట. ఆంగ్లంలో మూడు అక్షరాలున్న చోట ఇవి ఎనిమిది. అంత చోటు ఎక్కడిది? పక్క వాక్యంలోని అలంకారాలను తగ్గించి ఇక్కడికి తేవాలి. ఏ మాట ప్రాణాధారమో తెలిసినవారికి ఏది వదులుకోవచ్చునో కూడా తెలుస్తుంది. కాచడమంటే వేడి చేయడం కాదు, నీరు తెర్లి బుడగలు పొంగాలి; ఆ స్థితిలో ఒక నిమిషం ఉంచాలి. బొమ్మలో బుడగలు కనిపిస్తే మాట వృథా చేయనక్కరలేదు. క్లోరిన్ మాత్రల ప్రస్తావన వస్తే మాత్రం జాగ్రత్త అవసరం. మాత్రల బలం ఒక్కొక్క రకానికి ఒక్కొక్క తీరు. తెరమీది బకెట్టూ గూడెంలోని బిందె పరిమాణంలో ఒకటి కావు. అందువల్ల అంకెను ఉన్నదున్నట్లు దింపుకోక, స్థానికంగా పంచే మాత్ర పొట్లం మీది కొలతనూ, తాగేముందు అరగంట ఆగాలన్న మాటనూ అక్కడ చేర్చాలి.

స్వరం విషయంలో అందరూ తటపటాయించే చోటు ఒకటుంది. చేతులు ఎప్పుడు కడుక్కోవాలో చెప్పేటప్పుడు మరుగుదొడ్డి మాట రాక తప్పదు. 'మలవిసర్జనానంతరం' అంటే బడిపిల్లలకే తెలియదు. మర్యాద కోసం 'బయటికి వెళ్ళి వచ్చాక' అంటే సంతకు వెళ్ళి వచ్చినవాడు కూడా చేతులు చూసుకుంటాడు. 'దొడ్డికి వెళ్ళి వచ్చాక' అని మామూలు గొంతుతో, నవ్వూ సిగ్గూ లేకుండా చెప్పడమే సరియైన మర్యాద. అట్లే పెద్దలను ఉద్దేశించిన వాక్యాలన్నీ 'మీరు'తో సాగాలి. బాలునితో తల్లి మాట్లాడే చోట మాత్రం 'కడుక్కో నాన్నా' అన్నదే ఒప్పుతుంది.

గొంతు మార్చకుండా తెర అడుగున తెలుగు అక్షరాలు వేస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ చదవలేనివారికి అవి గీతలే. కోయ ఇంటి భాషగా పెరిగిన పిల్లలు తెలుగును చదవడం కన్నా వినడంలో ముందుంటారు. ఉపశీర్షికలు వినికిడి లేనివారికి, గోల ఎక్కువగా ఉండే ఆసుపత్రి వసారాలకు ఉపయోగపడతాయి. వాటి లెక్కలోనూ ఒక మెలిక ఉంది. ఆంగ్లంలో వరుసకు ఇన్ని అక్షరాలని హద్దు పెడతారు. మనం 'చల్లార్చిన' అన్న మాటను నాలుగు అక్షరాలుగా చదువుతాము. కంప్యూటరు మాత్రం హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కించి పది అంటుంది. యంత్రం హద్దు దాటిందని చెప్పినా కన్ను హాయిగా చదవగలదు. ఆ లెక్క చూసి అర్థాన్ని కత్తిరించకూడదు. రెండు వరుసల మధ్య ఎడం చాలకపోతే పైవరుస వత్తులు కిందివరుస గుడికట్లను తగులుతాయి. ఫోను తెర మీద ఇది మరీ బాధిస్తుంది.

పని ముగిసిందనుకొన్నాక రెండు పరీక్షలు మిగులుతాయి. మూలం చూడని ఒకరి చేత తెలుగు మాటలను తిరిగి ఆంగ్లంలోకి మార్పించి పోల్చడం మొదటిది. 'మంచినీళ్ళు' వంటి పొరపాటును ఇది పట్టుకోలేదు. తిరిగి ఆంగ్లం చేసేవారు దానిని మళ్ళీ సరియైన మాటగానే మార్చివేయవచ్చు. రెండవది గూడెంలో పదిమందికి చూపి అడగడం. 'అర్థమైందా?' అంటే అందరూ తల ఊపుతారు. అట్లా కాక, చూసినది తమ మాటలలో చెప్పమనాలి. ఆ తరువాత, చిత్రంలో లేని ప్రశ్న ఒకటి వేయాలి: చెలమ నీళ్ళు తాగవచ్చునా? 'తేటగా ఉంటే తాగవచ్చు' అన్న జవాబు వస్తే, ఏ నిమిషంలో ఏ మాట దగ్గర ఆ అభిప్రాయం కలిగిందో వెదకి, ఆ వాక్యం వరకు గొంతును మళ్ళీ రికార్డు చేయాలి.