అమ్మ టికెట్టు ఎవరు కొనాలి?

మా వదిన కూతురు డల్లాసులో ఉంటుంది. పురిటికి వెళ్ళాలి కదా, తల్లీ కూతుళ్ళు ఒక రాత్రి ఫోనులో మాట్లాడుకుంటూ ఒకే విమానం కోసం చూశారు. హైదరాబాదులో ఎక్కి, దోహాలో మారి, డల్లాసులో దిగడం. మూడు నెలల తర్వాత అదే దారిన తిరిగి రావడం. విజయవాడలో వదిన చూసిన చోట లక్ష రూపాయలు. అదే కంపెనీ వెబ్‌సైటులో దేశం అన్న గడిలో అమెరికా పెట్టుకుని అమ్మాయి చూస్తే 1,180 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున లెక్క కట్టండి, 1,06,200 అవుతుంది. అదే రోజు, అదే సీటు, అదే భోజనం. ఈ 6,200 ఎక్కడివి?

డాలరు మహిమ అనుకుంటాం గానీ, అసలు కథ వేరు. విమానం టికెట్టుకి మూల ధర ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదులో మొదలయ్యే ప్రయాణానికి ఆ ధర రూపాయల్లోనే రాసి పెట్టి ఉంటుంది. అమ్మాయికి కనిపించినది ఆ రూపాయలనే మార్చి చూపిన డాలర్లు. విమానాశ్రయం రుసుములు, పన్నులు కూడా ఇద్దరికీ దాదాపు ఒకటే. అంటే తేడా మూల ధరలోనే ఉందన్నమాట.

టికెట్టు వివరాల్లో ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది, గమనించారా? ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకటే అయినా, కంపెనీ వాటిని ధరల ప్రకారం అరలుగా విడదీసి ఒక్కో అరకీ ఒక్కో అక్షరం పెట్టుకుంటుంది. వదినకు కనిపించినది V, అమ్మాయికి కనిపించినది K. చవక అర ఇండియాలో కొనేవాళ్ళకి తెరిచి ఉంది, అమెరికాలో కొనేవాళ్ళకి మూసి ఉంది. ఏ దేశంలో అమ్ముతున్నామో చూసి అరలు తెరవడం, మూయడం కంపెనీల చేతిలో పనే.

ఎందుకలా? అమ్మకి టికెట్టు కొనే కూతురు డాలర్లలో సంపాదిస్తోంది, తేదీ మార్చుకోలేదు, బేరమాడదు. ఇక్కడ కొనే తల్లి నాలుగు కంపెనీలు చూస్తుంది, అవసరమైతే వారం ఆగుతుంది. ఈ మాట మనం చెప్పకపోయినా వాళ్ళ లెక్కల్లో ఉంటుంది!

కొన్నిసార్లు అక్షరం ఒకటే ఉండి ధర వేరుగా ఉంటుంది. అప్పుడు ఫేర్ బేసిస్ అన్న చోట ఉండే పొడుగాటి గుర్తు చూడాలి. అది వేరైతే, ఫలానా దేశంలో మాత్రమే అమ్మాలని షరతు పెట్టిన ధర అయ్యుండవచ్చు. ఆ గుర్తు కూడా ఒకటే అయితే మిగిలింది మారకపు రేటూ, అమ్మకం రుసుమూను. ఒక్క జాగ్రత్త. డల్లాసులో మొదలై డల్లాసుకే తిరిగి చేరే టికెట్టుతో మాత్రం దీన్ని పోల్చకూడదు. అది వేరే ప్రయాణం, దాని ధరే వేరు.

ఇండియా ధరే ఎప్పుడూ చవకని నియమం లేదు. ఒక్కోసారి అమెరికా వైపే రెండు మూడు వేలు తక్కువ చూపిస్తుంది. ఆశపడి మన కార్డుతో డాలర్లు కట్టారనుకోండి, చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా పుచ్చుకుంటాయి, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. లక్షకి 3,500, పైన 630, వెరసి 4,130. మిగిలిన మూడు వేలూ బ్యాంకు పట్టుకుపోయినట్టే. పైగా కొన్ని వెబ్‌సైటులు ఏ దేశం ఎంచుకుంటే ఆ దేశపు చిరునామా ఉన్న కార్డే అడుగుతాయి.

వదిన చివరికి ఇండియా ధరకే, తన కార్డుతోనే కొంది. "అదేమిటమ్మా, నేను కట్టేదాన్ని కదా" అని అమ్మాయి నొచ్చుకుంది.

"కడుదువుగానీ. రేపు ఎయిర్‌పోర్టులో 'కట్టిన కార్డు చూపించండమ్మా' అని అడిగితే, అది డల్లాసులో నీ పర్సులో ఉంటుందే!" అంది వదిన.

అలా అడిగే కంపెనీలు ఉన్నాయి మరి. టికెట్టు రద్దయినా డబ్బు తిరిగి వచ్చేది మామూలుగా కట్టిన కార్డుకే. డాలర్లలో కడితే వాపసు వచ్చిన రోజు మారకమే మనకి దక్కుతుంది, బ్యాంకు పుచ్చుకున్న రుసుము సాధారణంగా వెనక్కి రాదు. డాక్టరిచ్చిన తేదీని నమ్ముకుని టికెట్టు తీసే తల్లి అడ్డగీత కింది మొత్తంతో పాటు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి, పురుడు తేదీలు మన చేతిలో ఉండవు కనుక.