ఎస్కేప్ కింద ఏముంది?

మహబూబ్‌నగర్‌లో పొద్దున రైలెక్కితే కృష్ణ దాటాక గద్వాల వస్తుంది. వీపున బ్యాగు, బ్యాగులో కొత్త కీబోర్డు. దుకాణాలకు వెళ్లి లెక్కలు ఎక్కించడం, తెలుగులో కాగితాలు టైపు చేయడం నా పని. వెళ్లిన చోటల్లా వాళ్ల కంప్యూటరే గానీ కీబోర్డు మాత్రం నాదే పెడతాను. మార్కెట్ యార్డు పక్క దుకాణాల్లో కీల కింద పల్లికాయ పొట్టు చేరి సగం కీలు దిగబడవు, ఇంకొన్నిటి మీద అక్షరాలే ఉండవు. ఇన్నాళ్లూ మోసింది 104 కీల పూర్తి బోర్డు. దాదాపు 44 సెంటీమీటర్ల పొడవు, బ్యాగు జిప్పు ఎప్పుడూ పూర్తిగా పడదు. ఈసారి 61 కీలది తీసుకున్నాను. పొడవు 29 సెంటీమీటర్లు దాటదు. కుడివైపు నంబర్ ప్యాడ్ ఉండదు, పైన F1 నుంచి F12 దాకా ఉండే వరస ఉండదు, బాణాల కీలూ ఉండవు. మూడు ఊళ్లలో మూడు రకాల పని ఉంది కనుక, ఏది పోతే ఏం పోతుందో పనిలోనే తేల్చుకుందామని బయలుదేరాను.

గద్వాలలో చీరల దుకాణం. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరలు నేతగాళ్ల ఇళ్ల నుంచి వస్తాయి, ఇక్కడి నుంచి హైదరాబాదుకూ బెంగళూరుకూ పోతాయి. పనంతా టాలీలో. టాలీలో ఎలుక కన్నా పై వరసతోనే పని నడుస్తుంది. F8 అమ్మకం, F9 కొనుగోలు, F5 చెల్లింపు, F6 రాబడి, F2 తేదీ. చిన్న బోర్డులో ఇవన్నీ అంకెల కింద దాక్కుంటాయి. కుడిచేతి మూలనున్న Fn కీ పట్టుకుని 8 కొడితే F8 అవుతుంది. ఇది ఆ బోర్డు లోపలే జరిగే మార్పు, కంప్యూటర్‌కు తేడా తెలియదు. అందుకే ఏ దుకాణంలో తగిలించినా పనిచేస్తుంది. పది బిల్లులు కొట్టేసరికి వేళ్లు అలవాటు పడ్డాయి. లెక్క కాలం మార్చే Alt+F2 దగ్గర మాత్రం Alt, Fn, 2 మూడూ ఒకేసారి నొక్కాలి, రెండు చేతులూ కావాలి. రోజుకు ఒకటి రెండుసార్లే కాబట్టి పెద్ద బాధ కాదు.

ఇబ్బంది వచ్చింది నాకు కాదు, దుకాణంలో పనిచేసే పిల్లవాడికి. నేను టీకి లేచినప్పుడు వాడు కూర్చుని ఒక బిల్లు కొట్టబోయాడు. తెర కుడిపక్కన టాలీ F8 అని చూపిస్తోంది, బోర్డు మీద వెతికితే లేదు. "సారూ, గీ దానికి పై లైను ఏమాయె?" అన్నాడు. ఆ పేర్లు అంకెల కీల ముందు పక్కన సన్నగా అచ్చువేసి ఉన్నాయి, కూర్చున్నవాడి కంటికి వెంటనే కనబడవు. పై వరస లేని బోర్డు ఒక్కరి చేతిలో ఉంటే సరే. నలుగురు కూర్చునే బల్ల మీదికి పనికిరాదు.

మధ్యాహ్నం ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి పెద్ద రోడ్డు ఎక్కి, బీచుపల్లి దగ్గర మళ్లీ కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. సంస్థానం వారి రాజభవనంలో పాలిటెక్నిక్ నడిచే ఊరు ఇది. నా పని మాత్రం పల్లికాయ వ్యాపారి దగ్గర. యార్డులో రాసిచ్చిన తక్‌పట్టీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, మొత్తం. అన్నీ కంప్యూటర్‌కు ఎక్కాలి.

నంబర్ ప్యాడ్ లేకపోతే వేగం తగ్గుతుందని అందరూ అంటారు. వేగం సంగతి తర్వాత, అసలు పోయేది ఎడమ చెయ్యి. ప్యాడ్ ఉంటే కుడిచెయ్యి ఒక్కటే అంకెలు, చుక్క, ఎంటర్ అన్నీ కొడుతుంది. మధ్యలో 5 మీద చిన్న గీత చేతికి తగులుతుంటే చూడనక్కర లేదు. ఎడమచేతి వేలు తక్‌పట్టీ మీద ఏ వరసలో ఉన్నామో పట్టుకుని ఉంటుంది, కన్ను కాగితం మీదే ఉంటుంది. పై అంకెల వరసతో కొడితే 1 నుంచి 5 దాకా ఎడమ చేతికి, మిగతావి కుడిచేతికి. వేలు కాగితం వదిలేస్తుంది. కన్ను కాగితానికీ బోర్డుకూ మధ్య తిరుగుతుంది, తిరిగి వచ్చేసరికి ఒక వరస దాటిపోతుంది.

తప్పుల తీరు కూడా మారిపోతుంది. ఇది వ్యాపారి గుమాస్తాతో కలిసి కూర్చుని చూసిన సంగతి. కాగితం మీద 6,420 ఉందనుకుందాం. పై వరసలో వేలు జారితే పక్క అంకె పడుతుంది, 6,430 అవుతుంది, మొత్తంలో తేడా 10. పై వరసలో పక్కపక్క అంకెలకు తేడా ఒకటే కాబట్టి జారుడు తప్పు 1, 10, 100 ఇలాగే వస్తుంది. 9, 0 పక్కపక్కన ఉండటం ఒక్కటే మినహాయింపు. ప్యాడ్ మీద వేలు పైకీ కిందికీ కూడా జారుతుంది. 2 పైన 5 ఉంటుంది, 6,450 పడుతుంది, తేడా 30. అందుకే మొత్తం కలవనప్పుడు తేడా 3, 30, 300 అయితే ప్యాడ్ మీద జరిగిన పొరపాటని గుమాస్తాకు ఊహ అందుతుంది, ఆ కాలమ్‌లో ఏ స్థానం అంకె చూడాలో తెలుస్తుంది. అంకెలు తారుమారై 6,240 పడితే తేడా 180, అది తొమ్మిదితో భాగమవుతుంది. ఈ మూడో తప్పు కన్ను తిరుగుడు వల్ల వచ్చేది. చిన్న బోర్డుతో ఆ సాయంత్రం మాకు ఎక్కువగా దొరికింది ఇదే.

"అన్నా, విడిగ నంబర్ల డబ్బా దొరుకుతది గదా, అది వెట్టుకో" అన్నాడు గుమాస్తా. నిజమే. యూఎస్‌బీతో తగిలించే 17 కీల ప్యాడ్ విడిగా అమ్ముతారు. కావాలంటే ఎడమ పక్కన పెట్టుకోవచ్చు, పని లేనప్పుడు తీసేయవచ్చు. పూర్తి బోర్డులో ఆ సౌలభ్యం లేదు. ప్యాడ్ పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చని తేలింది కాబట్టి, ఆ రాత్రి వనపర్తి లాడ్జిలో చిన్న బోర్డే చాలనుకున్నాను.

మర్నాడు గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక దస్తావేజు లేఖరి పెద్దాయన ఉన్నారు. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ల చేతికి పోయినప్పటి నుంచి ఆయన దగ్గరికి వచ్చేవి ఇళ్లు, ఇంటి స్థలాల కాగితాలే. ఆయన చెబుతుంటే నేను తెలుగులో టైపు చేయాలి. నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్, విండోస్‌లో తెలుగు చేర్చుకుంటే వచ్చే అమరిక.

మొదటి వాక్యంలోనే చెయ్యి ఆగింది. "కొనుగోలుదారు మొత్తం రొక్కం ఒకేసారి చెల్లించినందున" అన్నారాయన. ఇన్‌స్క్రిప్ట్‌లో ొ గుర్తు ఉండేది అంకె 1కి ఎడమ పక్కన, బోర్డు పై మూలలోని ` కీ మీద. షిఫ్ట్ పట్టుకుని అదే కొడితే ఒ. 61 కీల బోర్డులో ఆ మూలకు ఎస్కేప్ వచ్చి కూర్చుంది. పై వరస తీసేశాక ఎస్కేప్‌కు ఇంకో చోటు లేదు మరి. ` కావాలంటే Fn+Esc, ఒ కావాలంటే Fn+Shift+Esc. Fn కుడి కింది మూల, ఎస్కేప్ ఎడమ పై మూల. ఆ నాలుగు మాటల్లోనే కొ, మొ, రొ, ఒ. ప్రతి దానికీ రెండు చేతులూ చెరో చివరికి పోవాలి.

Fn మరిచి కొడితే ఇంకా ఘోరం. వర్డ్‌లో ఎస్కేప్ ఏమీ చేయదు, ొ పడదు, క మాత్రం మిగులుతుంది. ఏదో లేదని తెర చెప్పదు. "స్థలం కొలతలు" అని ఆయన చెప్పింది "స్థలం కలతలు" అయి కూర్చుంది. కలతలు కూడా తెలుగు మాటే కదా, తప్పులు వెతికే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది. కొత్తకోట, కొల్లాపూర్ పేర్లున్న కాగితాల్లో ఇదెంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. పెద్దాయన అద్దాలు సవరించుకుని ప్రతి వాక్యం గట్టిగా చదివించారు, అందుకే దొరికింది. క్రోమ్‌లో తెరిచిన ఫారంలోనైతే ఒ కోసం Shift+Esc కొట్టగానే క్రోమ్ టాస్క్ మేనేజర్ లేచి మీద పడింది.

ఆ మూల మన అక్షరానికి ఎందుకు దక్కిందో తెలిస్తే ఈ నష్టం ఎవరిదో అర్థమవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరికగా చేసింది, 1991లో ఇస్కీతో పాటు జాతీయ ప్రమాణంలోకి ఎక్కింది. హిందీకి హ్రస్వమైన ఎ, ఒ అక్కర్లేదు. ఓ, ఏలు నడిమి వరసలో వేళ్ల కిందే ఉన్నాయి. దక్షిణాది భాషలకు కావలసిన హ్రస్వాలు అంచులకు వెళ్లాయి: ె Z మీదికి, ొ ఆ మూలకు. అందుకే 61 కీల బోర్డుతో హిందీ టైపిస్టుకు ఏమీ పోదు. తెలుగు టైపిస్టుకు ఒక అచ్చూ దాని గుణింతమూ పోతాయి. పెట్టె మీద నంబర్ ప్యాడ్ లేదని రాస్తారు, ఈ సంగతి రాయరు. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లు నిశ్చింతగా చిన్నది కొనుక్కోవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. కీల అర్థం మార్చుకోనిచ్చే బోర్డయితే మూల కీకి ` ఇచ్చి, ఎస్కేప్‌ను క్యాప్స్ లాక్ మీదికి పంపితే సరి. తెలుగుకు క్యాప్స్ లాక్‌తో పని లేదు. ఆ మార్పు బోర్డులోనే నిలిచిపోతుంది, ఎవరి కంప్యూటర్‌కు తగిలించినా వెంట వస్తుంది. షిఫ్ట్ పట్టినప్పుడు మాత్రమే ఎస్కేప్ ` అయ్యే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది, అది మనకు సగమే పనికొస్తుంది: ఒ వస్తుంది, ొ రాదు. నా బోర్డులో మార్చుకునే వీలే లేదు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వేసి మార్చవచ్చు గానీ, ఇంకొకరి యంత్రంలో అలా చేయడం నాకు ఇష్టం లేదు.

అందుకని తిరిగొచ్చాక 84 కీలది తీసుకున్నాను. పై వరస ఉంది, బాణాలున్నాయి, ఎస్కేప్ పై వరసలోకి పోయింది కాబట్టి దాని కింద ` తన చోట తనుంది. పొడవు 61 కీల దానికన్నా రెండు మూడు సెంటీమీటర్లే ఎక్కువ. జిప్పు పడుతుంది. మధ్యలో 68 కీలవి కూడా ఉన్నాయి, బాణాలుంటాయి గానీ పై వరస ఉండదు, చాలావాటిలో మూలలో ఎస్కేప్ ఉంటుంది. కొనేముందు బొమ్మలో అంకె 1కి ఎడమ పక్కన ఏముందో చూస్తే చాలు.

నంబర్ ప్యాడ్ విడిగా కొని వనపర్తి దుకాణంలోనే ఉంచాను. నాగర్‌కర్నూలు పనిలో ఇంకా ఒక్కటి లోటుంది. స్థలం 183½ చదరపు గజాలని రాయాలంటే మునుపు Alt పట్టుకుని ప్యాడ్ మీద 0189 కొట్టేవాణ్ని. పై వరస అంకెలతో అది పనిచేయదు. ఇప్పుడు ఇంగ్లిషు అమరికలోకి మారి, వర్డ్‌లో 183 తర్వాత ఖాళీ వదిలి 1/2 కొట్టి స్పేస్ నొక్కుతున్నాను, వర్డే ½ చేస్తుంది. మధ్యలో మిగిలిన ఖాళీని తర్వాత తీసేస్తున్నాను.