ఎడిట్‌లో తీసేద్దాంలే

"ఎడిట్‌లో తీసేద్దాంలే" అని షూటింగ్‌లో ఎవరన్నా అనొచ్చు. తీసే పని మాత్రం చివరికి ఎడిటర్ మీదే పడుతుంది. మా టీమ్‌లో ఆ ఎడిటర్‌ని నేనే. ఫ్రేములో అక్కర్లేనిది కనిపిస్తే నేను ముందు చూసేది దాని సైజు కాదు. దాని వెనక ఏముంది, దాని ముందు నుంచి ఏం వెళ్తోంది, ఈ రెండే చూస్తా.

వెనక ఖాళీ గోడ ఉండి, కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉంటే భయం లేదు. ఒక్క ఫ్రేములో గోడని బాగుచేసి, ఆ ముక్కనే షాట్ మొత్తానికీ అతికించొచ్చు. దాని మీద కాస్త గ్రెయిన్ మాత్రం వెయ్యాలి. లేకపోతే చుట్టూ గోడ సన్నగా మినుకుతుంటే ఆ ముక్క ఒక్కటే గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. ముందు నుంచి చెయ్యో కొంగో దాటితే పని పెరుగుతుంది కానీ, దానికీ ఒక అంచు ఉంటుంది కాబట్టి మాస్క్ గీయొచ్చు. అసలు కష్టం అంచు లేనివాటితోనే. పొగ, విరబోసుకున్న జుట్టు, దుమ్ము.

మాకు తగిలింది దుమ్మే.

మా షార్ట్‌ఫిల్మ్‌లో డైరెక్టర్ వాళ్ళ అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, తిరగలిలో విసిరిన కందిపప్పు చెరుగుతూ మాట్లాడే షాట్ ఒకటుంది. ఫోన్ చేత్తో పట్టుకుని తీశాం. 11 సెకన్లు, అంటే సెకనుకి 25 చొప్పున 275 ఫ్రేములు. స్క్రిప్టులో ఉన్న రెండు లైన్లు చెప్పాక ఆవిడ ఆగలేదు. తాతయ్య కందిచేను గురించి తనే ఏదో చెప్పి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చేట అందుకున్నారు. సినిమా మొత్తంలో మేం రాయని మాట అదొక్కటే, బాగున్నదీ అదే. ఆవిడ వెనక ఎర్రమన్ను పూసిన గోడకి ఆనించి, నిన్నటి సీన్ కోసం పెట్టిన లైటు స్టాండు నిటారుగా ఉంది. సాయంత్రం ఏటవాలు ఎండలో మెరుస్తూ లేచే పొట్టంతా దాని ముందు నుంచే.

ప్రదర్శనకి ఇంకా ఆరు రోజులుంది. ఊరు బస్సులో రెండు గంటలు. మళ్ళీ తీద్దామా అని డైరెక్టర్‌కి ఫోన్ చేస్తే వాడు కాసేపు మాట్లాడలేదు. "చెయ్యమంటే చేస్తుందిరా. కానీ ఆ మాట మళ్ళీ చెప్పమని నేనెలా అడగను?" అన్నాడు. అడిగినా అది యాక్టింగ్ అవుతుంది, ఆ మాట రాదు. రీషూట్‌లో రిస్క్ డబ్బులూ టైమూ కాదు, ఇదీ.

అయితే ఎడిట్‌లో రిస్క్ ఎంత? దాన్ని ఊహించి లాభం లేదు, కొలవాలి. షాట్ మొదటి నుంచి మొదలుపెడితే తేలికైన ఫ్రేములు చేసుకుంటూ వెళ్ళి, మూడోరోజు గోతిలో పడతాం. అందుకని పొట్టు బాగా లేచిన చోట వరసగా పది ఫ్రేములు తీసుకుని చేత్తో పెయింట్ చేశా. రెండున్నర గంటలు పట్టింది. అలాంటి ఫ్రేములు దాదాపు 90. అంటే 22 గంటల పైనే. సరే, రాత్రుళ్ళు కూర్చుంటే అయిపోతుంది. కానీ ఆ పదీ లూప్‌లో ప్లే చేసి చూస్తే, విడివిడిగా శుభ్రంగా ఉన్నవి కలిసేసరికి స్టాండు ఉన్న చోట గోడ ఉడుకుతున్నట్టు కదిలింది. ప్రతి ఫ్రేములో నా చెయ్యి ఒక్కో రకంగా పడింది మరి. ఇంకా ఓపిగ్గా చేస్తే పోయే లోపం కాదది. ఫోన్‌లో చూస్తే తెలియకపోవచ్చు, సెమినార్ హాల్ ప్రొజెక్టర్ మీద దాచలేం.

గోడ సంగతి వేరు. స్టాండు గోడకి ఆనుకుని ఉంది కాబట్టి, కెమెరా ఎటు ఊగినా దాని వెనక భాగం ఏ ఒక్క ఫ్రేములోనూ బయటపడలేదు. కానీ గోడ ఎక్కడికీ పోలేదుగా! అదే టైముకి వెళ్ళి ఫోటో తీస్తే చాలు. అక్కడే ఇంకోటి తట్టింది. పొట్టుని కాపాడుతూ స్టాండు తీయడం కష్టం గానీ, రెండూ కలిపి తీసేసి, పొట్టు మళ్ళీ తెచ్చి వేస్తే? నల్లగుడ్డ ముందు తీసిన పొట్టుని స్క్రీన్ మోడ్‌లో వేస్తే నలుపు మాయమై మెరుపు ఒక్కటే మిగులుతుంది:

```
result = 1 - (1 - a) * (1 - b)
```

`a` పొట్టు షాట్, `b` కింది షాట్. `a` సున్నా అయిన చోట `b` అలాగే ఉంటుంది. తెల్లగోడ అయితే ఇది పనికొచ్చేది కాదు, తెలుపు మీద మెరుపు కనపడదు. ఎర్రమన్ను గోడ మమ్మల్ని బతికించింది.

శనివారం నాలుగున్నరకి ఆ అరుగు దగ్గరే ఉన్నాం. ముందు ఖాళీ గోడ ఫోటో. తర్వాత వాడు నల్లదుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మమ్మ చేట తీసుకుని, "ఏం చెప్పాల్రా?" అన్నారు.

"ఏం వద్దు అమ్మమ్మా. చెరుగు చాలు."

"మాటల్లేకుండా కూడా సినిమా తీస్తారా!" అని నవ్వుతూ రెండు చేటలు చెరిగారు.

బ్లెండర్‌లో గోడ ఫోటోని షాట్ కదలికకి ట్రాక్ చేసి స్టాండు మీద పరిచా. ఆవిడ మోచెయ్యి స్టాండుని దాటే 40 ఫ్రేములకి మాస్క్ గీశా. పైన కొత్త పొట్టు. మొత్తం ఆరు గంటలు. గోడ మీద స్టాండు నీడ సన్నగా ఒక గీత ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఆ ఇంటి ముందు పందిరి ఉంది. చూసేవాళ్ళు గుంజ నీడ అనుకుంటారు.